పదాల రివ్యూకి రోజుకు ఎన్ని అలారాలు? ఫోన్ మోగుతూనే ఉంది, బాకీ పెరుగుతూనే ఉంది

సిరి_స్టాఫ్‌నర్స్
జర్మనీ వెళ్ళడానికి జర్మన్ భాషలో బీ2 పరీక్ష రాయాలి, ఇంకా నాలుగు నెలలుంది. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో రోజుకు 20 కొత్త పదాలు పెట్టుకున్నాను. కోచింగ్‌లో ఒక షెడ్యూల్ ఇచ్చారు. ఏ పదమైనా నేర్చుకున్న 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, మర్నాడు, ఐదు రోజులకు మళ్ళీ చూడాలట. దాని ప్రకారం ఫోన్లో అలారాలు పెట్టాను. పొద్దున లేచింది మొదలు మోగుడే. వార్డులో ఒకాయనకి బీపీ చూస్తుంటే మోగింది, ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు చూడకుండానే ఆపేయడం అలవాటైపోయింది. ఆంకీలో చూడాల్సిన కార్డుల బాకీ ఆరు వందలు దాటింది.

ఇంకో బాధ. నైట్ డ్యూటీలో రెండింటికి కూర్చుని అన్నీ పూర్తి చేస్తే, ఐదింటికి మళ్ళీ తొంభై కార్డులు చూపిస్తుంది. దీనికి నిద్ర లేదా? అసలు ఎంత తరచుగా గుర్తు చేయించుకోవాలి?

మిస్టర్_పెసరట్టు
ఆయన బీపీ ఎంత వచ్చిందో రాయలేదు.

గోదారోడు
కోచింగ్ వాళ్ళు చెప్పింది తప్పేం కాదు. అది పిమ్స్‌లర్ అనే ఆయన లెక్క. 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, గంట, 5 గంటలు, ఒక రోజు, 5 రోజులు, 25 రోజులు, 4 నెలలు, 2 ఏళ్ళు. మనిషి ఎక్కువగా మర్చిపోయేది మొదటి కొన్ని గంటల్లోనే అని ఎబింగ్‌హాస్ 1885లోనే తేల్చాడు. కాబట్టి అలారాలు తీసేయకు, వైబ్రేషన్‌లో పెట్టుకో.

సిరి_స్టాఫ్‌నర్స్
@గోదారోడు వైబ్రేషన్ అయినా నేను చూడకుండా ఆపేసేదేగా అన్నా.

కిట్టయ్య_కార్డులు
@గోదారోడు అంకెలన్నీ కరెక్టే, వాడే చోటే వేరు. పిమ్స్‌లర్ 1967లో రాసిన ఆ వరుస ఆడియో పాఠాల కోసం. టేపు నడుస్తుంటే, ఒక పదాన్ని ఎన్ని సెకన్లకు మళ్ళీ అడగాలో పాఠం తయారుచేసేవాళ్ళు ముందే సర్దిపెడతారు. వినేవాడు గడియారం చూసుకోనక్కర్లేదు. సిరి గారు రోజూ 20 పదాలు మొదలుపెడుతున్నారు. ఒక్కో పదానికి దాని గడియారం దానిది. నిన్నటి 20, మొన్నటి 20, పోయినవారం 20, అన్నిటికీ కలిపి ఫోన్ అలారాలు పెడితే ఏ మోత ఏ పదం కోసమో ఎవరికీ తెలియదు.

ఒక్క పదాన్ని తీసుకుని చూద్దాం. ఇవాళ ష్మెర్ట్స్, అంటే నొప్పి, కొత్తగా వచ్చింది. ఆంకీ మామూలు సెట్టింగ్‌లో ఒక నిమిషానికి, పది నిమిషాలకు అదే కూర్చున్నప్పుడే మళ్ళీ అడుగుతుంది. రెండుసార్లూ చెప్పగలిగితే రేపటికి వేస్తుంది. రేపూ చెప్తే ఇంకో మూడు రోజులకు, ఆ తర్వాత వారానికి, తర్వాత 19 రోజులకు, తర్వాత నెలన్నరకు. పాత పద్ధతిలో ప్రతిసారీ సుమారు రెండున్నర రెట్లు. రోజులు కూడితే 1వ రోజు, 4వ రోజు, 11వ రోజు, 30వ రోజు, 77వ రోజు. తప్పకుండా వెళ్తే మీ నాలుగు నెలల్లో ఆ పదం మొదటి రోజు తర్వాత మీ ముందుకు వచ్చేది ఐదే ఐదుసార్లు. దానికోసం గంటకోసారి మోగేది ఏముంది?

కిట్టయ్య_కార్డులు
ఇదే లెక్కతో రోజువారీ భారం కూడా వస్తుంది. నెల దాటాక ఏ రోజు చూసినా నిన్నటి 20, నాలుగు రోజుల కిందటి 20, పదకొండు రోజుల కిందటి 20, ముప్ఫై రోజుల కిందటి 20 ఆ రోజుకే వచ్చి కూర్చుంటాయి. అంటే 80 రివ్యూలు. రెండున్నర నెలలు దాటితే 100. మర్చిపోయినవి వెనక్కి వచ్చి చేరతాయి, కొత్తవి 20 ఎలాగూ ఉన్నాయి. అన్నీ కలిపి రోజుకు 140, 150 సార్లు బటన్ నొక్కాలి. కార్డుకు పది సెకన్లు వేసుకుంటే పాతిక నిమిషాలు. ఈ పాతిక నిమిషాలకు కూర్చోబెట్టడానికి రోజుకు ఒక్క అలారం చాలు. ఏ పదాలు చూడాలో షెడ్యూల్ చూసుకుంటుంది. ఎప్పుడు కూర్చోవాలో చెప్పడం ఒక్కటే అలారం పని.

గోదారోడు
మరి మొదటి గంటల్లో మర్చిపోతామన్న దాని సంగతేంటి? దానికి జవాబు రాలేదు.

కిట్టయ్య_కార్డులు
@గోదారోడు ఎబింగ్‌హాస్ కొలిచింది అర్థం లేని అక్షరాల గుంపుల్ని, అదీ తన ఒక్కడి మీద. మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందన్నది ఆయన కొలత. ఒక రోజు తర్వాత 34 శాతం ఆదా అయితే, 31 రోజుల తర్వాత 21 శాతం ఆదా అయింది. మొదట్లో బాగా పడి తర్వాత నెమ్మదించిందన్న మాట నిజమే. ఆ మొదటి పడటం కోసమే ఒకే కూర్చోవడంలో రెండుసార్లు, మర్నాడు ఒకసారి అడుగుతుంది. మధ్యలో ఐదు గంటల మెట్టు లేకపోయినా మర్నాటికి చాలా పదాలు వస్తాయి. రానివాటికి Again బటన్ ఉంది.

చింతచిగురు
నేను కిట్టయ్య గారితో ఏకీభవించను. నా ఫోన్ లాక్ స్క్రీన్ మీద గంటకో ఇంగ్లిష్ పదం అర్థంతో సహా వచ్చే యాప్ ఉండేది. బ్యాంకు పరీక్షకు చదివేటప్పుడు బాగా పనికొచ్చింది. కష్టపడకుండా కళ్ళకు అలవాటవుతుంది.

కిట్టయ్య_కార్డులు
@చింతచిగురు "కష్టపడకుండా" అన్నారే, చిక్కంతా అక్కడే. పదం, అర్థం రెండూ ఒకేసారి కనపడితే మీరు చదివారంతే, గుర్తు తెచ్చుకోలేదు. 2008లో కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు స్వాహిలి పదాలు నేర్పి చూశారు. ఒకసారి వచ్చేసిన పదాన్ని కూడా మళ్ళీ మళ్ళీ అడుగుతూ పోయిన గుంపులు వారం తర్వాత 80 శాతం దాకా చెప్పాయి. వచ్చేసిన పదాన్ని అడగడం మానేసిన గుంపులు, చదువుకోమని మళ్ళీ చూపించినా సరే, 35 శాతం దగ్గరే ఆగాయి. లాక్ స్క్రీన్ మీద పదం ఒక్కటే వచ్చి, అర్థం మీరు చెప్పాక తెరుచుకుంటే అది వేరే మాట.

చింతచిగురు
నాకు పరీక్ష పాసైంది. అది కూడా లెక్కలోకి వేసుకోండి.

మిస్టర్_పెసరట్టు
@చింతచిగురు వేసుకున్నాం. ఒక గుంపు, ఒక మనిషి. ఎబింగ్‌హాస్‌కి సమానం.

లైప్‌జిగ్_లలిత
సిరీ, నీ నైట్ డ్యూటీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆంకీకి రోజు మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున 4 గంటలకు. నువ్వు రెండింటికి చేసింది నిన్నటి బాకీ. ఐదింటికి కనపడింది ఇవాళ్టిది. దానికి నిద్ర లేక కాదు, నీ రోజు ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియక. కంప్యూటర్‌లో Preferences లోకి వెళ్తే `Next day starts at` అని ఉంటుంది, అక్కడ 4 తీసేసి 11 పెట్టు. నువ్వు డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకునే వేళ అది. అప్పుడు రాత్రి పదింటికి చేసినా, తెల్లారి ఆరింటికి చేసినా ఒకే రోజు కింద వస్తుంది.

ఇది చిన్న విషయం అనుకోకు. 4 దగ్గరే వదిలేస్తే ఒక్క రాత్రిలో రెండు రోజుల పని కనపడుతుంది, మర్నాడు సాయంత్రం ఏమీ ఉండదు. నిన్న రాత్రి రెండింటికి నేర్చుకున్న పదాన్ని మూడు గంటలకే "రేపటి" రివ్యూ అని అడిగితే ఎవరికైనా వస్తుంది. Good కొడతావు. దాంతో అది మూడు రోజులకు వెళ్ళిపోతుంది. మూడో రోజు చూస్తే పోయి ఉంటుంది.

సిరి_స్టాఫ్‌నర్స్
అక్కా, అందుకేనా కొన్ని పదాలు రెండుసార్లు గట్టిగా వచ్చి మూడోసారి మాయమవుతున్నాయి! మార్చేశాను. కానీ అలారం ఏ టైముకు పెట్టను? నాకు వారం వారం షిఫ్ట్ మారుతుంది. మార్నింగ్, ఈవినింగ్, నైట్.

లైప్‌జిగ్_లలిత
గంటకు కాదు, పనికి కట్టు. నేను హైదరాబాద్‌లో చేసేటప్పుడు హ్యాండోవర్ అయ్యాక బస్సులో కూర్చోగానే తీసేదాన్ని. ఏ షిఫ్ట్ అయినా బస్సు ఎక్కడం తప్పదు కదా. ఫోన్ అలారం మాత్రం ఒక్కటే ఉంచుకున్నాను, పడుకునే ముందు. అది కూడా ఆ రోజు కార్డులు మిగిలితేనే చూసేదాన్ని. షిఫ్ట్ మారే వారం దాని టైమ్ మార్చుకోవాలి, తప్పదు.

డాలస్_అమ్మ
మా పాపకి తెలుగు పదాలు నేర్పిద్దామని రోజూ సాయంత్రం రిమైండర్ పెట్టాను. తనే నా ఫోన్ తీసుకుని నోటిఫికేషన్లు ఆపేసింది. ఏడేళ్ళ పిల్లకి ఎన్ని కొత్త పదాలు పెట్టొచ్చు? ఏ యాప్ మంచిది?

మిస్టర్_పెసరట్టు
మీ పాప మన సిరి గారి కన్నా ముందే సమస్య తేల్చేసింది.

పాతపంతులు
@డాలస్_అమ్మ అమ్మా, ఏడేళ్ళ బిడ్డకు ఫోన్ ఎందుకు. చెప్పుల పెట్టె తీసుకుని అట్టముక్కలతో ఐదు అరలు చేయండి. వచ్చిన పదం తర్వాతి అరకు వెళ్తుంది, రానిది ఎక్కడున్నా మొదటి అరకు వచ్చేస్తుంది. జర్మనీ ఆయనే, లైట్నర్ అని, 1972లో పుస్తకంలో రాశాడు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. ఫలానా రోజు ఫలానా అర అని తారీఖులు పెట్టుకోనక్కర్లేదు. అరలు వెనక్కి పోయేకొద్దీ పెద్దవి. ఏ అర నిండితే దాన్ని తీసి చూడాలి. చిన్నది త్వరగా నిండుతుంది, పెద్దది నిండడానికి వారాలు పడుతుంది. ఎడం దానంతట అదే పెరుగుతుంది. అలారం అవసరమే లేదు. పిల్ల కార్డులు తనే రాస్తే, తనే సర్దితే ఆటలా ఉంటుంది. రోజుకు మూడు నాలుగు పదాలు మించవద్దు.

సిరి గారి విషయంలో ఒక మాట. ఎడం ప్రతిసారీ పెరిగి తీరాలని నియమమేమీ లేదు. సమాన ఎడంతో అడిగినా దీర్ఘకాలంలో అంతే బాగా వచ్చిన ప్రయోగాలున్నాయి. కిట్టయ్య గారు చెప్పిన కార్పికే, రోడిగర్ జంటే 2007లో చూపించారు. పది నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పెరిగే ఎడం గెలిచింది, రెండు రోజుల తర్వాత పెడితే సమాన ఎడం గెలిచింది. మొదటిసారి అడగడానికి ముందు కాస్త ఆగడమే అసలు కీలకమని వాళ్ళ అభిప్రాయం.

కిట్టయ్య_కార్డులు
@పాతపంతులు ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ 20 చొప్పున రెండు వేల పదాలు పోగయ్యాక సమాన ఎడం నడవదు. వారానికోసారి అనుకున్నా రోజుకు 280 పైన పడతాయి. ఎడం పెంచేది జ్ఞాపకం కోసం ఎంతో, పని తగ్గడానికీ అంతే.

హనుమకొండ_హరి
నా కేసు చెప్తా. జీఆర్‌ఈకి రోజూ క్రమం తప్పకుండా చేస్తున్నా, అలారం కూడా ఒక్కటే. అయినా కొన్ని పదాలు అసలు ఎక్కట్లేదు. ఆంకీలో గడువులు లెక్కేసే కొత్త పద్ధతి ఎఫ్ఎస్ఆర్ఎస్ కూడా ఆన్ చేశా. అది ఇచ్చే గడువులు మరీ పొడుగు. నిన్న మర్చిపోయి Hard కొడితే ఇంకో పన్నెండు రోజులకు వేసింది.

కిట్టయ్య_కార్డులు
@హనుమకొండ_హరి మర్చిపోతే Hard ఎందుకు కొట్టారు? Hard అంటే "వచ్చింది, కానీ కష్టంగా". ఆంకీ దృష్టిలో అది పాస్. మర్చిపోయినప్పుడు Again ఒక్కటే. మీరు మర్చిపోయిన ప్రతిసారీ "గుర్తుంది" అని చెప్తుంటే, ఈయనకు జ్ఞాపకశక్తి బాగుందని అది గడువులు పెంచుకుంటూ పోతుంది. ఎఫ్ఎస్ఆర్ఎస్ మీ పాత జవాబులను చూసే లెక్క నేర్చుకుంటుంది కాబట్టి దెబ్బ ఇంకా ఎక్కువ. గుర్తుపట్టడం తేలికే. స్టాట్స్‌లో మీరు పాసైన శాతం 97, 98 చూపిస్తూ, పుస్తకంలో అదే పదం ఎదురైతే తెలియకపోతే, బటన్ దగ్గరే తేడా ఉన్నట్టు.

హనుమకొండ_హరి
Again కొడితే మొత్తం మొదటికొస్తుందని మనసొప్పదు.

లైప్‌జిగ్_లలిత
మొదటికి రానీ తమ్ముడూ. ఇక్కడ వార్డులో "కాస్త గుర్తుంది" అంటే ఎవరూ ఊరుకోరు.

సిరి_స్టాఫ్‌నర్స్
ఈ ఎఫ్ఎస్ఆర్ఎస్‌లో `Desired retention` అని ఉంది, 0.90 ఉంది. పరీక్ష కదా, 0.97 పెట్టేద్దామా?

గోదారోడు
పెట్టేయ్. పరీక్షకి ఎంత ఎక్కువైతే అంత మంచిది.

కిట్టయ్య_కార్డులు
ఆగండాగండి. దాని వెనక ఉన్న సూత్రం, 4.5 వెర్షన్‌లో ఉన్నది ఇది:

```
R = (1 + (19/81) * t/S)^(-0.5)
```

t అంటే చివరిసారి చూసి ఎన్ని రోజులైందో. R అంటే ఇప్పుడు అడిగితే వచ్చే అవకాశం. ఆ అవకాశం 90 శాతానికి దిగడానికి పట్టే రోజులు S. R ఎంతకు దిగినప్పుడు అడగాలో చెప్పేదే `Desired retention`. ఒక పదానికి S పది రోజులనుకోండి. 0.90 పెడితే పదో రోజు అడుగుతుంది. 0.95 పెడితే నాలుగున్నర రోజులకే. 0.80 పెడితే 24 రోజులకు. అంటే 90 నుంచి 95కి వెళ్ళడానికి ఆ ఎడం సగం కన్నా తక్కువకు పడిపోతుంది, పని రెట్టింపు దాకా పోతుంది. 0.97 అయితే మూడు రోజులు కూడా రావు. ఆరు వందల బాకీ ఉన్న మనిషి ముట్టుకోవాల్సిన మీట కాదది. 0.90 దగ్గరే ఉంచండి. మరీ ఊపిరాడకపోతే 0.85, అప్పుడు అదే పదం 16 రోజులకు వస్తుంది.

లైప్‌జిగ్_లలిత
ఇక్కడ కిట్టయ్య గారితో నాకు పేచీ ఉంది. నర్సింగ్ మాటలు, మందుల డోసు మాటలు వేరే డెక్‌లో, అంటే విడి కార్డుల కట్టలో పెట్టుకుని దానికి 0.95 ఇవ్వచ్చు. అవి ఎన్నో ఉండవు. మిగతా వాటికి 0.85 అయినా పర్లేదు, పేపర్లు చదువుతుంటే ఎలాగూ ఎదురవుతాయి.

కిట్టయ్య_కార్డులు
డెక్ విడిగా ఉంటే సరే. చిన్నదైతేనే.

సిరి_స్టాఫ్‌నర్స్
ముందు ఈ ఆరు వందలు ఎలా దించాలో చెప్పండి. ఆదివారం అంతా కూర్చుని ఒక్క దెబ్బకి చేసేయనా?

హనుమకొండ_హరి
నేనైతే డెక్ డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెడతా.

కిట్టయ్య_కార్డులు
రెండూ వద్దు. ఒక్కరోజే ఆరు వందలు చేస్తే అందులో చాలా పదాలు మళ్ళీ ఒకే రోజుకు గుంపుగా వచ్చి పడతాయి. పైగా రెండు వందలు దాటాక మీరు చదవరు, బొటనవేలు నొక్కుతుంది. కొత్త కార్డులు సున్నా చేయండి. రోజుకు 150 రివ్యూలు పరిమితి పెట్టండి. మామూలుగా రోజూ వచ్చేవి 80 అనుకుంటే, 70 చొప్పున పాతబాకీ తగ్గుతుంది. కొత్తవి ఆగాయి కాబట్టి ఆ 80 కూడా దిగుతూ పోతుంది. మర్చిపోయినవి తిరిగొచ్చినా రెండు వారాల్లో తేలిపోవాలి. బాకీ సున్నా అయ్యాక కొత్తవి 10తో మొదలుపెట్టండి, 20తో కాదు.

వరుస కూడా ముఖ్యమే. రెండు పదాలు పది రోజులు ఆలస్యమయ్యాయనుకోండి. ఒకదాని గడువు రెండు రోజులు, ఇంకోదాని గడువు 45. మొదటిది వచ్చే అవకాశం ఇప్పటికే బాగా పడిపోయింది, మళ్ళీ నేర్చుకోవాల్సి రావచ్చు. రెండోది ఇంకా ఉంటుంది, ఇంకా ఆలస్యమైతే అదీ పోవచ్చు. అందుకే `Review sort order` లో `Descending retrievability` పెట్టుకుంటే ఇంకా బతికున్నవి ముందు వస్తాయి. ఇంకో లాభం, ఆలస్యంగా చూసినా చెప్పగలిగితే ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తర్వాతి గడువు పొడిగిస్తుంది.

పాతపంతులు
నేనైతే పోయేవాటినే ముందు పట్టుకుంటాను. ఉన్నవి ఎక్కడికి పోతాయి.

కిట్టయ్య_కార్డులు
@పాతపంతులు దీని మీద ఆంకీ వాళ్ళలోనే రెండు జట్లున్నాయి మాస్టారూ.

సిరి_స్టాఫ్‌నర్స్
పరీక్షకి ఎన్నాళ్ళ ముందు కొత్త పదాలు ఆపాలి?

కిట్టయ్య_కార్డులు
పైన వేసిన వరుస చూడండి. నెల ముందు వేసిన పదం పరీక్ష లోపు 1, 4, 11 రోజులకు, అంటే మూడుసార్లు తప్పకుండా వస్తుంది. వారం ముందు వేసింది రెండుసార్లే. చివరి మూడు నాలుగు వారాలు కొత్తవి ఆపేసి, ఆ టైము రాయడానికి, మాట్లాడటానికి వాడుకోండి. పరీక్ష ఎంత దూరంలో ఉంటే ఎడం అంత ఎక్కువ పెట్టుకోవచ్చు. సెపెడా బృందం 2008లో 1350 మందికి పైగా మనుషులతో చూసింది. వారం తర్వాత పరీక్ష అయితే ఒకటి రెండు రోజుల ఎడం బాగా పనిచేసింది, ఏడాది తర్వాత అయితే మూడు నాలుగు వారాలు.

సిరి_స్టాఫ్‌నర్స్
సరే. అలారాలన్నీ తీసేశాను. పడుకునే ముందు ఒక్కటి ఉంచాను. రోజు మారేది 11కి. కొత్తవి సున్నా, పరిమితి 150. లలితక్క చెప్పినట్టు మందుల మాటలు విడి డెక్‌లోకి మార్చాను, దానికి 0.95. జర్మన్ నామవాచకాల ముందు వచ్చే డెర్, డీ, దాస్ మాత్రం ఏ ఎడంలో పెట్టినా నిలబడట్లేదు.

లైప్‌జిగ్_లలిత
వాటికి ఎడం కాదు సమస్య, కార్డు రాసిన తీరు. ముందు వైపు "నొప్పి" అని రాసి, వెనక "డెర్ ష్మెర్ట్స్" అని కలిపి పెట్టు. డెర్ తప్పితే పదం వచ్చినా Again కొట్టు. ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దానికి `leech` అని ట్యాగ్ వేస్తుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెడుతుంది. అలా ట్యాగ్ పడినవాటిని అలాగే తిరిగి తోసేయకు, వాక్యంలో పెట్టి మళ్ళీ రాయి.

గోదారోడు
ఐదు గంటల మెట్టు ఒక్కటన్నా ఉంచుకోమ్మా, చేటేం లేదు.

కిట్టయ్య_కార్డులు
@గోదారోడు ఉంచుకుంటే చేటు లేదు, ఆ టైముకు ఆవిడ ఫోన్ తీయగలిగితే. వార్డులో తీయలేరు.

హనుమకొండ_హరి
కిట్టయ్య అన్నా, ఇన్నాళ్ళు తప్పుగా కొట్టిన Hard లను ఏం చేయాలి? లెక్కంతా చెడిపోయినట్టేనా?

కిట్టయ్య_కార్డులు
ఎఫ్ఎస్ఆర్ఎస్ సెట్టింగుల్లో `Ignore cards reviewed before` అని ఒక తారీఖు పెట్టొచ్చు. ఇవాళ్టి నుంచి సరిగ్గా కొడుతూ, కొన్ని వారాలయ్యాక ఆ తారీఖు ఇవాళ్టిది పెట్టి `Optimize` నొక్కండి. అంతదాకా మామూలు లెక్కే వాడుకోండి.

హనుమకొండ_హరి
కానీ ఆ తారీఖుకి ముందు చూసిన కార్డుల్ని మొత్తంగా వదిలేస్తే, నా డెక్‌లో లెక్క వేయడానికి మిగిలేవి కొత్తవేగా?

కిట్టయ్య_కార్డులు
అవును, అదే దాంతో ఇబ్బంది. మీకు ఎన్ని కొత్త కార్డులు మిగిలాయో చూసి చెప్పండి.